విషయం: స్టోర్స్ సూపర్‌వైజర్ పోస్టు, ప్రకటన నంబరు ST-118. ఇంకా ఖాళీ ఉందా?

నియామక విభాగం వారికి,

నమస్కారం. మీ వెబ్‌సైట్‌లో మార్చి 11న పెట్టిన స్టోర్స్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంకా దరఖాస్తులు తీసుకుంటున్నారా అని కనుక్కోవడానికి రాస్తున్నాను. ఈ రోజు జూలై 8. ప్రకటన వచ్చి నాలుగు నెలలు కావస్తోంది. పేజీలో ఆఖరు తేదీ ఎక్కడా లేదు, అప్లై బటన్ మాత్రం పనిచేస్తోంది. మీకు తీరిక లేకపోతే ఇక్కడితో ఆపి, ఉంది, లేదు, ప్రస్తుతానికి ఆపాం అని ఏదో ఒక్క ముక్క రాసినా నాకు చాలు. కింద ఉన్నదంతా ఇంత పాత ప్రకటన గురించి ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

మార్చిలోనే ఈ ప్రకటన చూశాను. అప్పుడు మా గోడౌన్‌లో పాత రిజిస్టర్ల నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కు స్టాకు మార్చే పని నా చేతిలో ఉంది. జూన్ ఆఖరుకల్లా పూర్తి చేస్తానని మా మేనేజర్‌కు మాటిచ్చాను, మధ్యలో వదిలి రావడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ప్రకటనను ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. పోయిన వారం ఆ పని అయిపోయింది. మీ పేజీ మళ్లీ తెరిచి, స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని చూశాను. మార్చిలో ‘2 ఖాళీలు’ అని ఉన్నచోట ఇప్పుడు ‘1 ఖాళీ’ అని ఉంది. నైట్ షిఫ్ట్ అన్నది పోయి, షిఫ్టులు మారుతుంటాయి అన్న మాట వచ్చింది. అంటే ఈ మధ్య ఎవరో ఆ పేజీని సరిచేశారన్నమాట. ఇదే ప్రకటన ఒక జాబ్ పోర్టల్‌లో కూడా కనిపిస్తోంది, కానీ అక్కడ ఇంకా రెండు ఖాళీలనే ఉంది, తేదీ కూడా నాలుగు రోజుల కిందటిది. పోర్టల్ వాళ్లు మీ సైటు నుంచి తీసుకుని మళ్లీ మళ్లీ వేసుకుంటారు కాబట్టి ఆ తేదీని నేను పట్టించుకోలేదు. మీ పేజీలో మారిన ఆ ఒక్క అంకెను చూసే ఆశ పుట్టింది.

నేరుగా అప్లై చేసేయవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మీ ఫారంలో రెండు షరతులున్నాయి. ఒక ప్రకటనకు ఒక్కసారే దరఖాస్తు పెట్టాలి, పంపాక మార్చడానికి వీలు లేదు. దాంతోపాటు, స్టాకు లెక్క తేడా వచ్చినప్పుడు ఎలా కనిపెడతారో రెండు పేజీలు రాసి జత చేయాలి. ఆ రెండు పేజీలు నాకు భారం కాదు, నిజానికి మీ ప్రకటనలో నాకు బాగా నచ్చింది అదే. కానీ సరిగ్గా రాయాలంటే రెండు ఆదివారాలు పడుతుంది. పైగా ఇప్పుడు పనిచేస్తున్న చోటి నుంచి ఇద్దరి పేర్లు ఇవ్వమన్నారు. వాళ్లను అడిగానంటే నేను వేరే ఉద్యోగం చూస్తున్నానని మా ఆఫీసులో తెలిసిపోయినట్టే. ఇంతకుముందు ఒక కంపెనీకి ఇలాగే అన్నీ సిద్ధం చేసుకుని పంపితే, ఆరు వారాల తర్వాత ‘ఈ పోస్టు ఎప్పుడో భర్తీ అయింది’ అని మెయిల్ వచ్చింది. ఈలోగా ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. ఆ ఆరు వారాల టెన్షన్ మళ్లీ పడలేను.

నా గురించి క్లుప్తంగా. తొమ్మిదేళ్లుగా స్టోర్స్‌లోనే పనిచేస్తున్నాను, అందులో నాలుగేళ్లు ఇన్‌వార్డ్ ఎంట్రీ, మిగతా ఐదేళ్లు స్టాక్ కౌంటింగ్. మీరు లెక్క తేడాల గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి ఒక సంగతి చెబుతాను. ఒకసారి బేరింగుల రాక్ లెక్కపెడితే 408 ఉన్నాయి. సిస్టమ్‌లో 4 మాత్రమే ఉన్నాయి. 404 తేడా అంటే దేనికీ పొంతన కుదరలేదు. దొంగతనమైతే రాక్‌లో తగ్గాలి గానీ పెరగదు కదా. చీటీల కట్ట తిరగేస్తే, సిస్టమ్ ఒప్పుకోక చేతిరాత చీటీ మీద ఇచ్చిన 36 బేరింగులు దొరికాయి. అవి సిస్టమ్‌లో ఎక్కలేదు. వాటిని కలిపితే తేడా 440 అయింది. అప్పుడు అర్థమైంది. సరుకు దిగిన రోజు ఇన్‌వార్డ్‌లో 40 అని ఎక్కించారు, 440 అంటే దానికి సరిగ్గా 11 రెట్లు. చలాన్ తీసి చూస్తే 40 డబ్బాలు, డబ్బాకు 12. డబ్బాలను పీసులుగా ఎక్కించేశారు, అంటే డబ్బాకు 11 పీసులు లెక్కలోకి రాలేదు. ఈలోగా పర్చేజ్ వాళ్లు సిస్టమ్‌లో 4 చూసి ఇంకో 40 డబ్బాలకు ఆర్డర్ పెట్టబోతున్నారు, చివరి నిమిషంలో ఆపించాను. ఆ తర్వాత ఆ ఎంట్రీ స్క్రీన్‌లో యూనిట్ ఎంచుకోకుండా ముందుకు వెళ్లకుండా చేయించాం. రాక్ మీది బిన్ కార్డులో కూడా డబ్బాకు ఎన్ని పీసులో పెద్ద అక్షరాలతో రాయించాం.

ఈ పనిలో ఉన్నవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, పుస్తకంలో ఉందని రాసి ఉన్నా రాక్ దగ్గరికి వెళ్లి చూస్తే గానీ నమ్మం. మీ ప్రకటన విషయంలోనూ నేను చేస్తున్నది అదే, ఏమీ అనుకోకండి.

ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. ప్రకటనలో వెంటనే చేరగలవారికి ప్రాధాన్యం అన్నారు. నాకు నోటీస్ పీరియడ్ 60 రోజులు, దాన్ని తగ్గించమని అడగగలను గానీ తగ్గుతుందని ఇప్పుడే హామీ ఇవ్వలేను. రెండోది, మీరు డిగ్రీ అడిగారు, నాది మూడేళ్ల డిప్లొమా. ఈ రెండింటిలో ఏ ఒక్కటి కుదరదన్నా సరే, పోస్టు ఖాళీగానే ఉన్నా నేను దరఖాస్తు పెట్టను. ఆ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తే ఇద్దరికీ పని తగ్గుతుంది.

ఒకవేళ ఆ మిగిలిన ఒక్క పోస్టుకు ఇంటర్వ్యూలు చివరి దశలో ఉంటే, అది చెప్పినా చాలు. ప్రస్తుతానికి ఆపి, మళ్లీ తర్వాత తెరిచే ఆలోచన ఉంటే సుమారుగా ఏ నెలలోనో చెబితే అప్పటిదాకా మిమ్మల్ని కదిలించను. పాత నంబరు మీద కాకుండా కొత్త ప్రకటన కింద పెట్టమంటే అలాగే చేస్తాను.

ఈ మెయిల్‌కు రెజ్యూమె జత చేయలేదు. మెయిల్‌లో పంపినవి చూడబోమని మీ పేజీలోనే రాశారు. జవాబు ఈ అడ్రసుకే ఇవ్వగలరు. దయచేసి నేను పనిచేసే చోటికి మాత్రం ఫోన్ చేయవద్దు. ఈ నెల 18 దాకా చూస్తాను, ఆలోపు కబురు రాకపోతే భర్తీ అయిపోయిందనుకుని ఇంకో చోట ప్రయత్నిస్తాను. తర్వాత ఎప్పుడు జవాబిచ్చినా సంతోషమే.

ఇట్లు,
మాధవి