మెయిల్ ఐదు గంటలు వాడి చేతిలో ఉంది, ఏమేం పోవచ్చో వరస

చిన్నా, మెయిల్ వెనక్కి వచ్చింది, ముందు ఆ టెన్షన్ వదిలెయ్. రాత్రి తొమ్మిదిన్నరకి కొరియర్ పేరుతో "అడ్రస్ సరిచేయండి" అని లింకు వచ్చింది, సాయంత్రమే రెండు మంగళగిరి చీరలు పంపి ఉన్నాను కదా, అనుమానం రాలేదు, పాస్‌వర్డ్ కొట్టాను, ఫోన్లో "లాగిన్ అవుతున్నది మీరేనా" అంటే అవునని కూడా నొక్కాను. అది దొంగ లింకు, పంపినవాడు లోపలికి దూరి రికవరీ నంబరు మార్చేశాడు. కానీ అలా మార్చినా పాత నంబరుకి ఏడు రోజుల దాకా కోడ్ తెప్పించుకునే వీలు గూగుల్ ఉంచుతుందట, దాంతో రెండున్నరకి లోపలికి వెళ్లాను. పాస్‌వర్డ్ మార్చి, తెలియని డివైజులన్నీ తీసేశాను.

ఆ ఐదు గంటల్లో ఈ మెయిల్ పట్టుకుని ఏయే అకౌంట్ల పాస్‌వర్డ్ మార్చుకోవచ్చో ఇప్పుడు రాస్తున్నా. గుర్తున్నవి రాస్తే పన్నెండే వచ్చాయి. తర్వాత జీమెయిల్లో ఇలా వెతికాను:

```
in:anywhere subject:(password OR reset OR verify OR welcome)
```

అరవై ఒకటి తేలాయి! ట్రాష్ కూడా చూడాలనే in:anywhere పెట్టాను, ఎందుకంటే వచ్చిన రీసెట్ మెయిల్‌ని వాడు చెత్తలో పడేస్తాడు. నాకు అదే జరిగింది. పైగా సెట్టింగుల్లో ఒక ఫిల్టర్ పెట్టి పోయాడు, instagram అన్న మాటున్న మెయిల్ ఏదొచ్చినా నేరుగా ట్రాష్‌కి. పాస్‌వర్డ్ మార్చి కూర్చుంటే ఆ ఫిల్టర్ అలాగే ఉండిపోయేది.

వరస ఎలా పెట్టానంటే, అకౌంట్లో ఎంత డబ్బుందని చూడలేదు. మెయిల్ ఒక్కటుంటే తెరుచుకుంటుందా, పోయింది తిరిగొస్తుందా, దాన్నుంచి ఇంకో తలుపు తెరుచుకుంటుందా, ఈ మూడే చూశాను. మొదట బ్యాంకు పైన రాసి, తర్వాత కొట్టేశాను.

అన్నిటికంటే పైన గూగుల్ అకౌంటే. దీనికి రీసెట్ కూడా అక్కర్లేదు. క్రోమ్‌లో నేను దాచుకున్న పాస్‌వర్డులు నలభై పైన ఉన్నాయి, లోపలికి వచ్చినవాడికి అవన్నీ ఒకే పేజీలో దొరుకుతాయి. ఫోటోస్‌లో నాన్న ఆధార్, నా పాన్, అమ్మ పాస్‌బుక్ మొదటి పేజీ. అక్కడి నుంచే నా ఫోన్ని దూరం నుంచి చెరిపేయొచ్చు కూడా. అంచేత క్రోమ్‌లో ఉన్న పాస్‌వర్డులన్నీ పోయినట్టే లెక్క, వాడు చూశాడా లేదా అని వాదించుకోవడం అనవసరం.

రెండోది ఇన్‌స్టాగ్రామ్, దానికి తగిలించిన ఫేస్‌బుక్ పేజీ. నవ్వకు. నా దుకాణం అదే కదరా, పదకొండు వేల మంది ఉన్నారు, సగం మంది మొహం చూడకుండా అడ్వాన్స్ పంపేస్తారు. వాడు నా పేరుతో "శ్రావణ మాసం ఆఫర్" అని ఒక స్టోరీ పెట్టి తన క్యూఆర్ కోడ్ అతికిస్తే చాలు, వాళ్ల డబ్బు పోతుంది, తిట్లు నాకు పడతాయి. ప్రకటనల అకౌంట్లో క్రెడిట్ కార్డు సేవ్ అయి ఉంది, రాత్రికి రాత్రి యాడ్స్ నడిపితే బిల్లు నాకే. పదకొండు దాటాక పాస్‌వర్డ్ మార్చాడు కూడా, కానీ లాగిన్ అవ్వాలంటే ఫోన్లోని యాప్ ఇచ్చే కోడ్ అడిగింది, అక్కడ ఆగిపోయాడు. అసలు భయం ఏంటంటే, ఆ కోడ్ పోతే వాడుకోవడానికి ఇచ్చిన బ్యాకప్ కోడ్‌ల స్క్రీన్‌షాట్ ఫోటోస్‌లోనే ఉంది. వాడు వెతకలేదు, అంతే. తెల్లారక ముందే కోడ్‌లు కొత్తవి తీసుకుని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.

మూడోది వెబ్‌సైట్ డొమైన్. ఏడాదికి పన్నెండు వందలు కూడా కాదు, కానీ అది కేవలం మెయిల్‌తో రీసెట్ అవుతుంది, ఫోన్ కోడ్ నేనెప్పుడూ పెట్టలేదు. డొమైన్ పోతే orders మెయిల్ కూడా వాడిదే. ట్రాన్స్‌ఫర్ లాక్ ఉంది, చూశాను, పాస్‌వర్డ్ మార్చి కోడ్ కూడా పెట్టాను.

నాలుగు: పాత యాహూ మెయిల్. దాన్ని ఎవరూ తెరవరు, నిజమే. కానీ దాని రికవరీ నా జీమెయిల్, అమ్మ మ్యూచువల్ ఫండ్ ఫోలియోలో ఉన్న మెయిల్ ఆ యాహూ. అంటే నా తలుపు తీస్తే అమ్మ గదిలోకి దారి. నిన్న రాత్రి దాకా ఇది నాకు తట్టలేదు.

అమెజాన్ ఐదో స్థానం. పే బ్యాలెన్స్ రెండు వేల చిల్లర, అది వాడేస్తే తిరిగి రాదు, మిగతావి ఆపొచ్చు.

డీమాట్, ఫండ్లు ఆరు. అమ్మినా డబ్బు నా బ్యాంకులోకే వస్తుంది, అందుకే కిందకి దించాను. కానీ నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ నా పాన్ నంబరే, పాన్ ఫోటో అక్కడే ఉంది! ఎక్కడ ఎంతుందో తెలిసినవాడు తర్వాత ఫోన్ చేసి ఎలా నమ్మిస్తాడో ఆలోచించు.

బ్యాంకు ఏడు. నెట్ బ్యాంకింగ్ రీసెట్‌కి నా ఫోన్‌కి ఓటీపీ రావాలి, యూపీఐ అయితే సిమ్‌కీ ఫోన్‌కీ ముడిపడి ఉంటుంది, మెయిల్‌తో పని కాదు. ఒక్క మెలిక ఉంది, నా నంబరుని వాడు తన ఫోన్లోకి ఈ-సిమ్‌గా తీసుకుంటే ఓటీపీలన్నీ వాడికే పోతాయి. ఈ-సిమ్‌కి మారాలంటే క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వస్తుంది, కన్ఫర్మ్ చేయమని ఎస్ఎమ్ఎస్ సిమ్‌కి వస్తుంది. దానికి ఎవరైనా "ఒకటి నొక్కండి" అని ఫోన్ చేస్తే నొక్కొద్దని నాన్నకి మూడుసార్లు చెప్పాను, నువ్వు కూడా చెప్పు, నీ మాటైతే వింటారు. ఒకవేళ డబ్బు కదిలితే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి, నాకింకా ఏమీ కదల్లేదు.

ఇన్‌కమ్ టాక్స్, పీఎఫ్, డిజిలాకర్ కింద పడేశాను, వాటికి ఆధార్‌కి ముడిపెట్టిన నంబరుకో, అక్కడ నమోదైన ఫోన్‌కో కోడ్ వెళ్లాలి. ఐఆర్‌సీటీసీలో మన ఇంటిల్లిపాది పేర్లు, వయసులు ఉన్నాయి, రేపు మారుస్తా. తిండి యాప్‌లు, సినిమా టికెట్లు, మిగతా ముప్పై ఏవో కూపన్ల కోసం తెరిచినవి, వదిలేశా.

అన్నట్టు, నీ మ్యాట్రిమొనీ ప్రొఫైల్ ఇంకా బతికే ఉంది. నాన్న నా మెయిల్‌తో పెట్టారట, నీ ఫోటోలు, జాతకం, డల్లాస్‌లో జీతం సహా. దాన్ని నవ్వులాటకి అడుగున రాసి, మళ్లీ ఐదు పక్కకి జరిపాను. నీ ఫోటోతో ఏ అమ్మాయికైనా మెసేజ్‌లు వెళ్తే మన పరువు సంగతి అటుంచు, ఆ పిల్ల పరిస్థితేంటి? దాన్ని నువ్వే తీసెయ్, నేను ముట్టుకోను.

ఇక్కడ నేను పడుకుంటా, అక్కడ నీకు సాయంత్రమే కదా. డల్లాస్ చీరల గ్రూపులో "అక్క పేరుతో క్యూఆర్ కోడ్ వస్తే డబ్బు పంపకండి, ఫోన్ చేసి అడగండి" అని పెట్టెయ్. ఆ యాహూ పాస్‌వర్డ్ నాకు గుర్తులేదు, నువ్వు ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు అమ్మకి తెరిచి ఇచ్చింది నువ్వే, నీ పాత డైరీల్లో ఎక్కడైనా రాసి ఉందేమో చూడు.