పూతరేకుల ధర, డెలివరీ, స్టాక్: అన్ని కామెంట్లకూ ఒకేచోట జవాబు

అందరికీ నమస్తే అండీ. నిన్న రాత్రి నుంచి మా పూతరేకుల పోస్టు కింద "ప్రైస్ ప్లీజ్", "హైదరాబాద్ పంపుతారా", "స్టాక్ ఉందా" అని ఒకటే కామెంట్లు. ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ కూర్చుంటే రేకులు చుట్టేవాళ్లు లేక ఆర్డర్లు ఆగిపోయేలా ఉన్నాయి. అందుకే అన్నీ ఇక్కడే రాసి పిన్ చేస్తున్నాను. ధర ఇన్‌బాక్స్‌లో చెప్పే అలవాటు నాకు లేదు, ఎవరికైనా ఇదే రేటు.

పది పూతరేకుల బాక్సు: పంచదారవి 250, బెల్లంవి 300, బెల్లం డ్రైఫ్రూట్‌వి 450 రూపాయలు. డ్రైఫ్రూట్ అంటే జీడిపప్పు, బాదం, పిస్తా, అంతే. ఒకే బాక్సులో ఐదు పంచదారవి, ఐదు బెల్లంవి కావాలంటే 275. ఐదు పూతరేకులే ఉండే చిన్న బాక్సులు అమ్మడం లేదు, అడిగి నొచ్చుకోకండి.

"బజార్లో 120కే ఇస్తున్నారుగా" అని నలుగురైదుగురు అడిగారు. ఇస్తారండీ, కాదనను. మేం ఒక్కో చుట్టకు మూడు రేకులు వేస్తాం, ప్రతి పొరకూ ఇంట్లో కాచిన నెయ్యే రాస్తాం. మాది ఆత్రేయపురం పక్క ఊరు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్కసారి లాగితే ఒక్క రేకు వస్తుంది. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే కుండకు అతుక్కుంటుంది. మా అత్తయ్య ముప్పై ఏళ్లుగా ఆ కుండ ముందే కూర్చుంటున్నారు, నాకు ఇప్పటికీ పదిలో రెండు చిరుగుతాయి. రేటు తగ్గించమంటే ముందు తగ్గేది నెయ్యే, అది నాకు ఇష్టం లేదు.

డెలివరీ: ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కడికైనా రెండు బాక్సుల వరకు 100, ఆపైన బాక్సుకు 30 చొప్పున. బెంగళూరు, చెన్నైలకు రెండు బాక్సులకు 150. మొత్తం 3000 దాటితే మన రెండు రాష్ట్రాల్లో కొరియర్ ఖర్చు మాదే. ఉదాహరణకు విజయవాడకు రెండు బెల్లం బాక్సులు అంటే 600, కొరియర్ 100, మొత్తం 700. సాయంత్రం ఐదులోపు డబ్బు పంపితే మర్నాడు పొద్దున చుట్టి, మధ్యాహ్నం పంపుతాం. రెండు మూడు రోజుల్లో అందుతుంది. శనివారం మాత్రం పంపం, ఆదివారమంతా పార్సిల్ ఆఫీసులో పడి ఉంటే ఈ వానలకు రేకు చెమ్మ పట్టి మెత్తబడుతుంది. బస్సు కార్గోలో వేయమంటే వేస్తాం, బస్టాండుకు వెళ్లి మీరే తీసుకోవాలి. విదేశాలకు ప్రస్తుతం పంపడం లేదు.

క్యాష్ ఆన్ డెలివరీ లేదండీ. పోయిన ఏడాది ఒకాయన ఎనిమిది బాక్సులు చెప్పి, పార్సిల్ ఇంటికెళ్లే సరికి ఫోన్ ఎత్తలేదు. వారం తిరిగి వెనక్కి వచ్చిన ఆ బాక్సులు తెరిస్తే లోపల పొడే మిగిలింది. పాలల్లో వేసుకుని మేమే తిన్నాం. అప్పటి నుంచి ముందు డబ్బు, తర్వాతే చుట్టడం.

పార్సిల్‌లో విరిగితే? బాక్సు తెరిచేటప్పుడే వీడియో తీసి అదే రోజు పంపండి. అంచులు కాస్త రాలడం మామూలే, రేకు గుణమే అంత. మూడు నాలుగు పూర్తిగా నలిగిపోతే కొత్త బాక్సు పంపుతాం, కొరియర్ కూడా మాదే.

స్టాక్ సంగతి. ముందే చేసి పెట్టడం లేదు కాబట్టి "ఉందా" అంటే, ఆర్డర్ ఇస్తే ఉంటుంది. రోజుకు 60 బాక్సులకు మించి మా చేత కాదు. ఈ గురువారం వరకు నిండిపోయాయి, శుక్రవారం నుంచి తీసుకుంటున్నాం. డ్రైఫ్రూట్‌వి వచ్చే సోమవారం నుంచే. వరలక్ష్మీ వ్రతానికి, రాఖీకి కావాలంటే కనీసం ఐదు రోజుల ముందు చెప్పండి, ముందురోజు ఫోన్ చేసి టెన్షన్ పెట్టొద్దు.

నిల్వ: పంచదారవి ఇరవై రోజులు, బెల్లంవి పన్నెండు రోజులు. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, తడి చేయి తగలనివ్వకండి. ఫ్రిజ్ అక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లంవి తినొచ్చా అని ఇద్దరు అక్కలు అడిగారు. బెల్లమూ తీపేనండీ, అమ్ముకోవడానికి నేను తినొచ్చని చెప్పలేను, మీ డాక్టరుగారినే అడగండి.

ఆర్డర్‌కు పోస్టులో ఉన్న నంబరుకే వాట్సాప్ చేయండి: పేరు, పూర్తి అడ్రసు, పిన్‌కోడు, ఏవి ఎన్ని బాక్సులు. కింద కామెంట్లలో మా పేరుతో ఎవరో వేరే నంబరు పెడుతున్నారు, నిన్న రెండు డిలీట్ చేశాను. దానికి డబ్బు పంపకండి.