నాలుగు మీటర్ల గుండ్రం

నల్లగొండ క్లాక్ టవర్ పక్క గల్లీలో యాదగిరి దుకాణం. సద్దుల బతుకమ్మకు ఇంక ఐదు రోజులే. ఉమ పోచంపల్లి కాటన్ గుడ్డ బల్ల మీద పెట్టింది.

"అన్నా, పిల్లకు ఫుల్ అంబ్రెల్లా లంగ కుట్టాలె. నాలుగు మీటర్లు సరిపోతదని షాపాయన అన్నడు. ఈ డిజైన్ల ఇంక గుడ్డ లేదట."

యాదగిరి గుడ్డ కొలవలేదు. ముందు పిల్లను కొలిచిండు. నడుము 30, పట్టీతో కలిపి పొడుగు 38. "గుడ్డను నీళ్లల్ల ముంచి ఆరేసి రేపు పట్టుకరా చెల్లే. కుట్టినంక కుంచించుకపోతే పొడుగు తగ్గుతది, నడుము బిగుస్తది."

తెల్లారి కొలిస్తే నాలుగు మీటర్లు, అంటే 157½ ఇంచులు ఉండాల్సింది 156 అయింది. పన్నా 44.

పాత పెండ్లి పత్రిక వెనుక లెక్క రాసిండు. నడుము 30ని 6.28తో భాగిస్తే 4¾. నడుం గుండ్రం మధ్యనుంచి అంచుకు అంత దూరం. పొడుగు 38లో పట్టీ ఇంచున్నర తీస్తే 36½. కింద మడతకు అర ఇంచు. మూడూ కలిపితే 41¾.

"నడుము కాడ కుట్టుకు ఇంచు కలుపుదామా?" అని అడిగిండు పనిపిల్లగాడు సైదులు.

"కలిపితే చెడిపోతదిరా. కుట్టు మార్జిన్ గీతకు పైన, గుండ్రం లోపలి దిక్కు ఉంటది. 4¾ కాడ కుట్టు, 4¼ కాడ కత్తెర. బయటికి ఒక్క ఇంచు జరిగితే నడుము ఆరు ఇంచులకు పైనే పెరుగుతది. పెద్దగైన నడుమును మళ్ల చిన్నగ చేయరాదు. చిన్నగుంటే కత్తిరించుకోవచ్చు."

ఇంత పెద్ద గుండ్రం 44 పన్నాలో ఒక్క ముక్కగా రాదు. రెండు సగం గుండ్రాలు కావాలి. ఒక్కో సగానికి పొడుగు 83½. ఒకదాని పక్కన ఒకటి పెడితే 167. గుడ్డ 156. ఉమ మొహం చిన్నబోయింది.

"హాఫ్ అంబ్రెల్లా చేద్దాం" అన్నడు సైదులు.

"అది చూడు. సగం గుండ్రంలనే నడుమంతా రావాలంటే 30ని 3.14తో భాగించాలె. 9½. దానికి 36½, మడత కలిపితే 46½. పన్నా 44 దాటిపాయె. గుడ్డ మిగులుతది గాని పన్నా చాలదు."

యాదగిరి ఇంకో పత్రిక తీసుకొని 10 ఇంచులకు ఒక సెంటీమీటరు లెక్కన గీసిండు. గుడ్డ లెక్క వెడల్పు 4.4, పొడుగు 15.6. రెండు సగం గుండ్రాలు 4.18 కొలతతో కత్తిరించి, ఒకదాని చదును పక్కను కింది అంచుకు, రెండోదాన్ని తలకిందులు చేసి పై అంచుకు ఆనించిండు. వంపులు ఒకదాని పక్కన ఒకటి ఒదిగినయి. పొడుగు కొలిస్తే 15.5. పక్క కుట్లకు అర ఇంచు వదిలినా సరే, 155 ఇంచులల్ల పడుతది.

"ఒక్క ఇంచు మిగులుతది చెల్లే. కాని ఒక మాట. రెండో సగం తలకిందులైతది. నీ గుడ్డ మీద ఏనుగులో, చిలుకలో ఉంటే వెనుకవైపు బోర్లా పడుతయి." ఉమ గుడ్డ విప్పి చూసింది. అన్నీ డైమండ్లే. పైకి, కిందికి ఒక్కతీరే.

"ఇగ పట్టీ?"

"మూలల్ల ఉంది." రెండు కొసలకు మిగిలిన మూలల్లో నాలుగించుల వెడల్పు, 26 ఇంచుల దాకా పొడుగు. రెండింటినీ పదిహేడేసి కోసి కలిపితే 33. నడుము 30, హుక్కు మీదికి, కుట్లకు మిగతావి. అంతే సరిపోయింది.

చాక్‌కు దారం కట్టకుండా టేపుతోనే గీసిండు, దారం సాగుతది గనుక. చదును పక్కన కుట్టుకు అర ఇంచు వదిలి, ఆ గీత మధ్యలో సున్నా ఆనించి, రెండు వేళ్ల ఎడంకోసారి 4¼ కాడ, 41¾ కాడ చుక్క పెట్టుకుంట పోయి చుక్కలు కలిపిండు. కోసినంక నడుం గుండ్రాన్ని సాగనియ్యకుండ మిషన్ మీద ఒక్క కుట్టు వేసిండు. క్రాస్‌లో, అంటే ఏటవాలుగా ఉన్న గుడ్డ చేయి తగిలితేనే సాగుతది.

పక్క కుట్టులో ఏడించుల జిప్, పైన పట్టీ. కింద అంచు మాత్రం కుట్టలేదు. లంగను హ్యాంగర్‌కు వేసి ఒక రాత్రి, ఒక పగలు వదిలేసిండు. సాయంత్రం స్కేలు నేలకు నిలబెట్టి చుట్టూ కొలిస్తే, క్రాస్ వచ్చే నాలుగు చోట్ల ముప్పావు ఇంచు జారింది. చాక్‌తో గుర్తు పెట్టి ఆ నాలుగు చోట్లనే చెక్కిండు, అర ఇంచును రెండుగా మడిచి సన్నగ కుట్టిండు. వెడల్పు మడత పెడితే గుండ్రం అంచు ముడతలు పడుతది.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఉమ బిడ్డ లంగ వేసుకొని దుకాణంలనే ఒక సుట్టు తిరిగింది. యాదగిరి కండ్లు లంగ మీద లేవు, అంచు మీదున్నయి. చుట్టూ నేలకు ఒక్కతీరే ఎత్తున తిరిగింది.