కొత్త అకౌంట్స్ అసిస్టెంట్ తొలి తొంభై రోజులు: నవంబరు 2 నుంచి జనవరి 30 దాకా

ఆఫీసులో అందరికీ, ముఖ్యంగా సీనియర్ అకౌంటెంట్ గారికి,

నవంబరు 2 సోమవారం మన గవర్నరుపేట ఆఫీసులో కొత్త అకౌంట్స్ అసిస్టెంట్ చేరుతోంది. ఊరు నూజివీడు. బీకాం అయ్యాక ఏడాదిపాటు అక్కడే ఒక ఎరువుల షాపులో ట్యాలీ చూసింది. ఇక్కడ లబ్బీపేటలో లేడీస్ హాస్టల్లో ఉంటుంది. జీతం 16,000. తొంభై రోజులు సజావుగా గడిస్తే ఫిబ్రవరి నుంచి 18,500. మన దగ్గర ఇరవై మంది లేరు కాబట్టి పీఎఫ్ లేదన్న సంగతి ఇంటర్వ్యూలోనే చెప్పాను. ఈ కాగితం కాపీ ఆమెకీ ఇస్తున్నాను. మనం ఏం ఆశిస్తున్నామో, ఏం మాట ఇచ్చామో రెండూ ఆమెకు తెలియాలి.

మన పని నెలనెలా తిరిగే చక్రం. 7న టీడీఎస్ కట్టడం, 11న GSTR-1, 14న GSTR-2B రావడం, 20న GSTR-3B. ఈ తొంభై రోజుల్లో అది మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి ఆమె చూస్తుంది. రెండోసారి మీ పక్కన కూర్చుని చేస్తుంది. మూడోసారి తనే చేస్తుంది, మీరు చూస్తారు. ప్లాను ఇంతే. కింద రాసినదంతా ఇది మాటల్లోనే మిగిలిపోకుండా ఎలా జరపాలన్నది.

మొదటి వారం

సోమవారం ఆమె వచ్చేసరికి టేబులు, కుర్చీ, సిస్టమ్, ట్యాలీలో తన పేరుతో యూజర్ ఐడీ సిద్ధంగా ఉండాలి. ఓచర్ ఎంట్రీ, రిపోర్టులు తెరుచుకుంటే చాలు, ఎంట్రీ డిలీట్ చేసే హక్కు ఇప్పుడే వద్దు. "ఇవ్వాళ్టికి ఆ మూల కూర్చోమ్మా, రేపు చూద్దాం" అనడం మన ఆఫీసుల్లో మామూలే. ఆ ఒక్క మాటతో మనిషికి తను ఎక్స్‌ట్రా అనిపిస్తుంది. అపాయింట్‌మెంట్ లెటరు కూడా ఆ పూటే చేతికి ఇస్తాను. మధ్యాహ్నం ఆమెను ఒంటరిగా తిననివ్వకండి. హాస్టల్ క్యారేజీ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు.

మొదటి రెండు రోజులూ బిల్లుల పని: అమ్మకం బిల్లు, కొనుగోలు బిల్లు, డెబిట్ నోటు, క్రెడిట్ నోటు. ఎరువుల షాపులో చేసింది కాబట్టి 5 శాతం సరుకు బాగా తెలిసి ఉంటుంది. మన దగ్గర ఎలక్ట్రికల్ షాపులు, ఆటోనగర్ స్పేర్ పార్టుల వాళ్లు ఎక్కువ. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు, ఐజీఎస్టీ ఎప్పుడు పడుతుంది, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఎప్పుడు పడతాయి అన్నవి పాత ఫైళ్లు ముందు పెట్టి చూపించండి. పుస్తకం చదివి నేర్చుకోమనకండి.

ఆదివారం దీపావళి. శనివారం అందరికీ ఇచ్చే స్వీట్ బాక్సు, గిఫ్టు ఆమెకూ ఇవ్వాలి. వారమేగా అయింది అని లెక్కలు వద్దు.

నవంబరు: చూసే నెల

ఆరుగురు క్లయింట్లను ఆమె కోసం ఎంచాను. వన్‌టౌన్ ఎలక్ట్రికల్ షాపు, రెండు మెడికల్ షాపులు, ఒక పెయింట్ల డీలరు, ఆటోనగర్ స్పేర్ పార్టుల షాపు, బెంజి సర్కిల్ దగ్గరి టిఫిన్ సెంటరు. టిఫిన్ సెంటరాయన కాంపోజిషన్‌లో ఉన్నారు, అక్కడ పని తక్కువ, కబుర్లు ఎక్కువ. మూడు నెలలూ ఈ ఆరే. అందరి పనీ కొంచెం కొంచెం అంటగడితే ఏ పనీ తనది కాదు.

ఈ నెల పోర్టల్ పాస్‌వర్డ్‌లు ఆమెకు ఇవ్వొద్దు. ఫైలింగ్ మీరు చేస్తుంటే పక్కన కూర్చుని చూస్తుంది, ఏ నొక్కు ఎందుకు నొక్కుతున్నారో మీరు నోటితో చెబుతూ చేస్తారు. విసుగ్గానే ఉంటుంది. కానీ GSTR-1 ఫైల్ చేశాక తప్పు దొరికితే GSTR-3B తెరిచి అంకె మార్చుకునే రోజులు పోయాయి. ఆ అంకె లాక్ అయి వస్తుంది, GSTR-1A ద్వారా సరిచేసుకోవాలి. అందుకే తప్పు 11వ తేదీకి ముందే పట్టుకునే అలవాటు ఆమెకు మొదటి నెలలోనే రావాలి.

నేను అన్నిటికన్నా ముఖ్యంగా అనుకునేది 14 తర్వాతి వారం. కొనుగోలు రిజిస్టరు, GSTR-2B రెండూ పక్కపక్కన పెట్టి సరిచూడడం. ఎలక్ట్రికల్ షాపు అక్టోబరు ఫైలుతో మొదలుపెట్టండి, దానిలో నేను చూసి ఉంచిన బిల్లు ఒకటుంది. కేబుల్ కొన్న బిల్లు: సరుకు 40,000, పన్ను 18 శాతం చొప్పున 7,200, మొత్తం 47,200. రిజిస్టరులో ఉంది, 2Bలో లేదు. కొత్తవాళ్లెవరైనా ముందు "సప్లయర్ ఎగ్గొట్టాడు" అంటారు. వెంటనే జవాబు చెప్పకండి, వెతకనివ్వండి. ముందు ఇన్‌వాయిస్ నంబరు సరిగ్గా ఎక్కిందో లేదో చూడాలి. తర్వాత జీఎస్టీఐఎన్‌లో ఒక అక్షరం తేడా ఉందేమో చూడాలి. ఆ తర్వాత సప్లయర్ నెలకోసారి వేస్తాడా, మూడు నెలలకోసారా అన్నది చూడాలి. ఈయన మూడు నెలల వాడు, మధ్యలో బిల్లులు ఎక్కించే ఐఎఫ్‌ఎఫ్ వాడడు. కాబట్టి ఆ 7,200 క్రెడిట్ జనవరి 14న వచ్చే 2B దాకా దొరకదు. ఈ నెల తీసుకోకూడదు, షాపాయనకి ముందే చెప్పాలి. ఇవన్నీ తనంతట తను ఒక కాగితం మీద రాసుకొచ్చిన రోజు ఈ అమ్మాయి మనకు పనికొస్తుందని తెలిసిపోతుంది. అలా రావడానికి మూడు నాలుగు రోజులు పట్టినా పర్లేదు.

నవంబరు ఆఖరుకి ఇంత ఉంటే చాలు: ఆరు ఫైళ్లలో అక్టోబరు, నవంబరు ఎంట్రీలు పూర్తయి ఉండాలి, ఏ బిల్లు ఎందుకు ఆగిందో అడిగితే చెప్పగలగాలి. వేగం ఇప్పుడు అడగను.

ఫోన్ల సంగతి

మన దగ్గర పిల్లలు మానేసేది పని కష్టమై కాదు, ఫోన్లలో. ప్రొప్రైటర్ షాపులకు రిటర్ను ఓటీపీతో ఫైల్ అవుతుంది, ఓటీపీ షాపాయన ఫోనుకి వెళ్తుంది. 20వ తేదీ సాయంత్రం ఆయన ఎత్తడు, ఎత్తినా కౌంటర్లో ఉన్నానంటాడు, ఆఖరికి ఓటీపీ టైమ్ దాటిపోయాక చెప్పి అరుస్తాడు. ఆ అరుపులు కొత్తగా వచ్చిన పిల్ల మీద పడుతుంటాయి.

అందుకని ఈ మూడు నెలలకి కొన్ని పద్ధతులు. క్లయింటుకి ఫోన్ చేసేటప్పుడు మొదటి నెల మీరు పక్కన ఉంటారు. డిసెంబరు నుంచి తనే చేస్తుంది కానీ సాయంత్రం ఏడు తర్వాత ఆమె చేత చేయించొద్దు, మీరో నేనో చేస్తాం. ఎవరైనా ఆమె మీద గొంతు పెంచితే ఫోన్ మీకు ఇచ్చేయొచ్చు, ఆ తర్వాత ఆమెను ఎవరూ "నువ్వేం అన్నావు" అని విచారించకండి. పెయింట్ల డీలరుగారి నోటి దురుసు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆయనతో నేను ముందే మాట్లాడాను, వింటారని నమ్మకం లేదు, అయినా చెప్పాను.

ఆమె సొంత నంబరు క్లయింట్లకు ఇవ్వొద్దు. ఆఫీసు మొబైలే వాడాలి.

డిసెంబరు: చేతులు ఆమెవి, కళ్లు మనవి

ఎంట్రీ, 2B సరిచూపు, GSTR-1 డ్రాఫ్టు ఆమె చేస్తుంది. సబ్మిట్ నొక్కేది మీరు. 20 ఆదివారం పడింది, కాబట్టి 18 సాయంత్రానికే 3Bలు చేతిలో ఉండాలి. 15న అడ్వాన్స్ ట్యాక్స్ మూడో వాయిదా, 31న GSTR-9. ఆ రెండు వారాలు మన అందరికీ టెన్షనే. ఆ టెన్షన్‌లో ఎవరూ "ఈ డేటా కాస్త ఎక్కించిపెట్టమ్మా" అని ఆమె మీద బుట్ట దింపొద్దు. GSTR-9లో ఒక్క ఫైలు, అదీ ఎలక్ట్రికల్ షాపుదే, మీతో కూర్చుని చూస్తుంది, అంతే. అలా ఒకరోజు ఎవరి పనో చేస్తూ రాత్రి తొమ్మిది దాకా ఉంటే ఇంటికి ఫోన్ చేసి ఏం చెబుతుందో ఊహించుకోండి.

జనవరి: పండగ నెల

GSTR-1 గడువు 11 సోమవారం, మూడు నెలల వాళ్లది 13, ఆ వెంటనే సంక్రాంతి. నూజివీడు పిల్లని పండక్కి ఊరు పంపకపోతే ఎన్ని ప్లాన్లు రాసినా దండగ. 13 మధ్యాహ్నం నుంచి 17 దాకా సెలవు, ఈ మాట ఇప్పుడే ఇస్తున్నాను. అందుకని బిల్లులు జనవరి 5కే రావాలని ఆరుగురికీ డిసెంబరు 28న ఆమే ఫోన్ చేసి చెబుతుంది. 18న టిఫిన్ సెంటరు CMP-08, 20న 3Bలు. ఆరూ తనే చేస్తుంది, పాస్‌వర్డ్‌లు జనవరి 2న అప్పగిస్తాం. మీరు ఫైల్ చేసే ముందు చూడాలి తప్ప చేతిలోంచి లాక్కోకూడదు. తప్పు దొరికితే ఎక్కడుందో చూపించండి, దిద్దేది ఆమె.

మాట్లాడుకునే రోజులు

ప్రతి శనివారం నాలుగున్నరకు మీరూ ఆమే అరగంట, టీ తాగుతూ. నేను నవంబరు 30, డిసెంబరు 31, జనవరి 30న కూర్చుంటాను. నేను అడిగేవి ఇవి: ఏ పని అర్థం కాకుండానే చేస్తున్నావు? ఎవరి దగ్గరికి వెళ్లి అడగడానికి మొహమాటంగా ఉంది? మానేద్దామని ఏ రోజైనా అనిపించిందా, ఆ రోజు ఏం జరిగింది? మూడో ప్రశ్నకి మొదటి నెల "లేదు సార్" అనే వస్తుంది. రెండో నెల అడిగితే కాస్త నిజం వస్తుంది, అడుగుతూ ఉండాలి.

పని కుదరడం లేదనిపిస్తే డిసెంబరు 31నే ఆమెకు స్పష్టంగా, ఏ ఫైలులో ఏది కుదరలేదో చూపించి చెబుతాను. జనవరి ఆఖరున ఒక్కసారిగా చెప్పి ఇంటికి పంపడం న్యాయం కాదు.

ఆమె సీఎంఏ ఇంటర్ జూన్‌లో రాస్తానంది. పరీక్షలకు ముందు పది రోజులు జీతంతో సెలవు ఇస్తాను, మే నెల పని ఇప్పటినుంచే అలా సర్దుకుందాం. చదువుకుంటే వెళ్లిపోతుంది కదా అని మీరు అడిగారు. చదువుకోనివ్వకపోతే ఇంకా త్వరగా వెళ్లిపోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పని నేర్చుకోవాలని ఉందని కూడా చెప్పింది. ఏప్రిల్‌లో మన రెండో అసిస్టెంట్ పెళ్లి సెలవులో ఉంటారు కాబట్టి ఆ ఫైళ్లు అప్పుడు ఆమెతో మొదలుపెట్టొచ్చు.

జనవరి 30న నేను చూసేవి: ఆరు ఫైళ్లలో లేట్ ఫీజు ఒక్క రూపాయి కూడా పడకుండా రిటర్నులు వెళ్లాయా, 2B తేడాల కాగితం తన రాతలోనే ఉందా, క్లయింట్లు మీకు కాకుండా ఆమెకు ఫోన్ చేయడం మొదలుపెట్టారా. ఇవి ఉంటే ఆ రోజే కన్ఫర్మేషన్ లెటరు, కొత్త జీతం ఫిబ్రవరి నుంచి. లెటరు డ్రాఫ్టు జనవరి 25కి నా టేబుల్ మీద ఉండాలి, సంతకం చేసి ఉంచుతాను.