ఉండపాకం

సియాటిల్‌లో మంగళవారం, మధ్యాహ్నం 3.
కిటికీ అవతల వాన. పేరుకే పగలు.
నల్లతెర మీద ఒక్క వరుస కొట్టాను:

```
$ TZ=Asia/Kolkata date +"%d %b %H:%M"
14 Jan 04:30
```

నరసాపురంలో భోగి.
వీధి మొగలో తాటాకులు అంటుకుని ఉంటాయి.
మెళ్లో పిడకల దండలు తీసి
పిల్లలు మంటలో వేస్తుంటారు.
ఇక్కడ నిప్పంటే ఎర్రగా కాలే ఇనుప చుట్ట,
కాస్త పొగొస్తే చాలు, నెత్తిమీద కూసే అలారం.

అమ్మ ఫోన్‌ని అరుగు మీద ఆనించి
ముగ్గు పెడుతోంది.
15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క.

నిన్న ఈ వేళకి నానబోసిన బియ్యం, రెండు గ్లాసులు.
రెండుసార్లు నీళ్లు మార్చాను.
వడకట్టి, గుడ్డ మీద పావుగంట పరిచి,
తడి ఉండగానే మిక్సీ పట్టి జల్లించాను.
పిడికిలి బిగిస్తే ముద్ద కావాలి పిండి,
వేలితో మీటితే విడిపోవాలి.
ఆరిందంటే అరిసె అంచులు పగులుతాయి.
అందుకే దాని మీద మూత, మూత మీద తడిగుడ్డ.

బెల్లం తురుము ఒకటింబావు గ్లాసు, నీళ్లు పావు.
నురగ లేచింది.
పళ్లెంలో చన్నీళ్లు పోసి ఒక చుక్క వేశాను:
కరిగిపోయింది.
ఇంకో చుక్క: తీగై సాగి, వేళ్లకందకుండా జారింది.
మూడోది చూపుడువేలి కింద దొర్లి
బఠాణీ అంత ఉండైంది,
నొక్కితే వంగింది, విరగలేదు.
పళ్లెం ఫోన్‌కి చూపించాను.
"అదే నాన్నా, దింపెయ్" అంది అమ్మ,
ముగ్గు చేత్తోనే.

దింపాలి, వెంటనే.
ఈ చుట్ట పొయ్యి కట్టేసినా కాలుతూనే ఉంటుంది.
గిన్నె దాని మీదే వదిలేస్తే
పాకం ముదిరి అరిసె రాయవుతుంది.

ఇక పిండి కలపాలి.
పోసే చేతులు ఒకరివి, తిప్పే చేతులు ఇంకొకరివి.
పిన్ని గుప్పెళ్లతో చల్లుతుంటే
గిన్నెని కాళ్ల మధ్య అదిమిపట్టి
అమ్మ తెడ్డుతో తిప్పేది.
తట్టే వాళ్లొకరు, వేయించే వాళ్లొకరు,
చెక్కల మధ్య నూనె ఒత్తే వాళ్లొకరు.
అరిసె ఒక్కరు చేసే వంట కాదు, ఎప్పుడూ కాదు.

గిన్నె జారకుండా కింద తడిగుడ్డ వేశాను.
ఎడంచేత్తో పోశాను, కుడిచేత్తో తిప్పాను.
రెండు చోట్ల పొడి పిండి గడ్డ కట్టింది, వేళ్లతో నలిపాను.
నువ్వులు. నేతి చెయ్యి.
ఒకటి తట్టేలోపు నూనెలోది మాడుతుందని
ఒక్కొక్కటే తట్టి, వేయించి,
రెండు గరిటెల మధ్య ఒత్తాను.
చెక్కలు అటక మీద ఉన్నాయి, నరసాపురంలో.

18 అయ్యాయి.
ఇంట్లో అయితే మొదటి వాయి దేవుడికి,
రెండోది పక్కింటికి.
ఇక్కడ పక్కింటి తలుపు మీద నంబరే తెలుసు.

"గుమ్మడిపువ్వులు తెచ్చారేమో చూసొస్తా, ఉండు."
అమ్మ లేచి వెళ్లింది.
ఫోన్ అరుగు మీదే ఉంది.
తెరలో చూరు, చూరు పక్కన ఆకాశం.
ఎక్కడో హరిదాసు చిడతలు.

ఇక్కడ నాలుగున్నర దాటింది. వంటింట్లో చీకటి పడింది.
లైటు వెయ్యలేదు.
అక్కడ తెల్లవారుతున్న వెలుగు
తెరలోంచి వచ్చి అరిసెల పళ్లెం మీద పడుతోంది.