రెండు రోజుల గడువు

రాత్రి తొమ్మిదింబావుకు విజయవాడ ఎడిషన్ మొదటి పేజీ నమూనా ఎడిటర్ పద్మజ బల్ల మీదికి వచ్చేసరికి, దానికి పైన జేఈఈ ర్యాంకుల జాకెట్ ప్రకటన ఖరారై ఉంది. ఆ ప్రకటన ఇచ్చిన విద్యాసంస్థదే, పేజీలోని ప్రధాన వార్తకెక్కిన హాస్టల్ భవనం కూడా.

విలేకరి శ్రీను ప్రతి వాక్యానికీ ఆధారం పెట్టుకుని వార్త రాశాడు. నాలుగంతస్తులకు అనుమతి తీసుకుని ఆరంతస్తులు లేపారు. బండ్లు నిలపవలసిన సెల్లారులో వంటశాల పెట్టారు. ఫొటోలో ఒక స్తంభం పాదం దగ్గర కాంక్రీటు పెచ్చులూడి, తుప్పుపట్టిన నిలువు ఊచలు బయటికి ఉబ్బి కనిపిస్తున్నాయి. వాటిని చుట్టి బిగించి ఉంచవలసిన రింగులు రెండుచోట్ల తెగిపోయాయి. పక్క దూలానికి ఇనుప జాకీలు ఆసరాగా నిలబెట్టారంటే, యాజమాన్యానికి విషయం తెలుసునన్నమాట. గోడ పగిలితే పూత పూసుకోవచ్చుగానీ, ఊచలు ఉబ్బిన స్తంభం ఇక బరువు మోయలేదనీ, ఆ కప్పు కింద మనుషులను ఉంచకూడదనీ ఒక విశ్రాంత స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసి ఇచ్చారు. నగరపాలక అధికారి మాత్రం పరిశీలిస్తామన్నారు.

తొమ్మిదిన్నరకు విద్యాసంస్థ చైర్మన్ స్వయంగా ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు.

“వార్త వేయవద్దని అనడం లేదమ్మా, రెండు రోజులు ఆగమంటున్నాను. రేపు మా ర్యాంకుల ప్రకటన వస్తోంది, ఎల్లుండి నుంచి అడ్మిషన్లు. ఇలాంటప్పుడు తల్లిదండ్రులను బెదరగొట్టడం దేనికి? భవనానికి ఢోకా లేదని మా ఇంజనీరు రాసిచ్చారు.”

“ఆ పత్రం ఇప్పుడే పంపండి, మీ వివరణతో పాటే వేస్తాం. ఈ రెండు రోజులూ పిల్లలను వేరేచోట పడుకోబెడతారా?”

చైర్మన్ వెంటనే బదులివ్వలేదు. “పరీక్షల ముందు కదిలిస్తే వాళ్ల చదువు దెబ్బతింటుంది” అన్నారు చివరికి. “సరే, మీ ఎండీ గారితోనే మాట్లాడుకుంటాను లెండి.”

పత్రం వచ్చింది. అందులో ఉన్నది నాలుగంతస్తుల భవనం. తేదీ చూస్తే, పై రెండంతస్తులు లేవకముందు ఇచ్చినది. పద్మజ ఆ రెండు సంగతులనూ చైర్మన్ వివరణ కిందనే చేర్చింది. ప్రకటనల మేనేజరు వచ్చి, ఈ సీజన్ ఆదాయం మీదే వేసవి జీతాలు నడుస్తాయని గుర్తుచేశాడు. అతడు చెప్పింది అబద్ధం కాదు. డెస్కులో కూర్చున్న ఎవరి ఇల్లు ఎలా గడుస్తుందో ఆమెకు తెలుసు.

ఎండీ ఫోన్ పది దాటాక వచ్చింది. “ఆధారాలన్నీ మన చేతిలో ఉన్నాయా?” అని అడిగి, ఉన్నాయని ఆమె చెప్పాక, “భవనం కొలతల్లో ఒక్క అంకె తప్పినా కోర్టులో నిలబడలేం, మళ్లీ చూసుకోండి” అని పెట్టేశారు. ఆపమని మాత్రం అనలేదు.

అంకెలు సరిచూస్తుండగా పద్మజకు చైర్మన్ అడిగిన గడువే మళ్లీ మళ్లీ మెదిలింది. 2014 జూన్‌లో చెన్నై శివారు మౌళివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, ఆమె డెస్కులో ఉండి శ్రీకాకుళం, విజయనగరం కూలీల పేర్లు ఊళ్లవారీగా పేజీలో పెట్టింది. రెండు రోజులు ఆగడం తప్పయితే, పేపరు ఇళ్లకు చేరే తెల్లవారుజాము దాకా తాను ఆగడం ఎలా ఒప్పవుతుంది? పిల్లలు ఇప్పుడు ఆ భవనంలోనే నిద్రపోతున్నారు.

ఆమె శ్రీనును పిలిచింది. “ఫొటోలు, ఇంజనీరు నోటు కలెక్టరుకు పంపు. నేను ఫోన్ చేస్తున్నాను. వార్త వెబ్‌సైట్‌లో ఇప్పుడే పెట్టించు.”

“మేడం, ఇది మన ఎక్స్‌క్లూజివ్. అరగంటలో అన్ని ఛానళ్లూ ఎత్తుకుంటాయి.”

“ఎత్తుకోనివ్వు.”

శ్రీను ముఖం చిన్నబుచ్చుకున్నా, ఫొటోలు పంపేవరకు కుర్చీలో కూర్చోలేదు. కలెక్టరు రెండోసారికి ఫోన్ ఎత్తి, ఊచల ఫొటో చూసి, అగ్నిమాపక అధికారినీ నగరపాలక ఇంజనీర్లనూ తానే పంపిస్తానన్నారు.

పదకొండుంబావుకు జాకెట్ ప్రకటన రద్దయినట్టు మెయిల్ వచ్చింది. మేనేజరు దాన్ని మారుమాట లేకుండా పద్మజకు చూపించి, మిగతా పేజీల లెక్క సరిచేయడానికి వెళ్లిపోయాడు. ఒంటిగంట దాటాక శ్రీను హాస్టల్ గేటు నుంచి ఫోన్ చేశాడు: పిల్లలను పరుపుచుట్టలతో బస్సులెక్కిస్తున్నారు, సగంమంది తల్లిదండ్రులకు ఫోన్లు చేస్తున్నారు, సెల్లారులోకి ఎవరినీ పోనివ్వడం లేదు.

“ఎంతమందో లెక్క తీసుకుని చెప్పు,” అంది పద్మజ, “సిటీ ఎడిషన్‌కు హెడ్డింగ్ మారుస్తున్నాం.”