214 శుభాకాంక్షలకి ఒకే జవాబు

పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

మార్చి 11 ఉదయం మా అమ్మాయి బెంగళూరు నుంచి నా పాత ఫోటో ఒకటి పెట్టి, "ఇవాళ మా అమ్మకి 62 నిండాయి" అని రాసింది. 1994 బ్యాచ్ పిల్లలతో బడి ఆవరణలో వేపచెట్టు కింద తీయించుకున్న ఫోటో అది. ఆ రోజు సాయంత్రానికి శుభాకాంక్షలు వంద దాటాయి, నిన్న రాత్రికి 214 అయ్యాయి. ప్రతి ఒక్కటీ చదివాను. కొన్ని రెండుసార్లు, కొన్ని ఇంట్లో వాళ్ళకి వినిపిస్తూ చదివాను. ఒక్కొక్కరికీ విడిగా రాద్దామని మొదలుపెట్టాను. ఇరవై మంది అయ్యేసరికి చెప్పాల్సినది ఇంకా పెరుగుతోందే గానీ తరగడం లేదు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ పేరు కనపడలేదని ఎవరూ అనుకోకండి. పేర్లు కావాలనే రాయడం లేదు, ఒకరిని రాసి ఒకరిని వదిలేస్తే నా మనసు ఒప్పుకోదు. మీ గురించి రాసిన చోట మిమ్మల్ని మీరే గుర్తుపడతారు.

ముందు ఇంటివాళ్ళు. సూళ్లూరుపేట అన్నయ్యా, నువ్వు పొద్దున్న ఐదింటికే రాశావు. అమ్మ ఉన్నప్పుడు ఆ వేళకే నన్ను లేపి తలకి నూనె పెట్టేది, అది నీకూ గుర్తుందని అర్థమైంది. నాయుడుపేట వదినా, నీ వాయిస్ మెసేజ్ నాలుగు నిమిషాలూ విన్నాను. వేసవిలో తప్పకుండా వస్తాను, ఈసారి పది రోజులు ఉంటాను. ఎదురింటి మామీ, మీరు తమిళంలో రాసినది చదివాక మీరు తెచ్చిచ్చిన పాయసం ఇంకా తియ్యగా అనిపించింది. రొంబ నన్రి మామీ. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నాకు పుట్టిల్లు లేని లోటు తెలియనివ్వలేదు మీరు.

ఇక నా పిల్లలు.

1992లో నేను ఉత్తర చెన్నైలో ఆ బళ్ళో చేరాను. సైదాపేటలో రైలెక్కి బీచ్ స్టేషన్లో దిగి, అక్కడి నుంచి బస్సు. మీలో చాలామంది అమ్మానాన్నలు తెల్లవారకముందే చీపురు పట్టుకుని ఈ నగరం వీధులు ఊడవడానికి వెళ్ళేవాళ్ళు. కొందరి నాన్నలు హార్బర్లో కూలి, కొందరిది వడ్రంగం. తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి పని కోసం వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. మాట మీకు వచ్చు, అక్షరం రాదు. ఆ అక్షరం ఇవ్వడమే నా పని అనుకుని 31 ఏళ్ళు చేశాను. రిటైరై రెండేళ్ళయింది. నేనిచ్చిన అక్షరాలు మీ దగ్గర ఉన్నాయో లేదో అని ఒక్కోసారి దిగులుగా ఉండేది. మొన్న ఆ దిగులు తీరింది.

పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసే నాన్నా, నువ్వు ఫోన్లో తెలుగు కొట్టడం రాక, కాగితం మీద చేత్తో రాసి ఫోటో తీసి పెట్టావు చూడు, దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాను. "శుభాకాంక్షలు"లో "భా"కి ఒత్తు సరిగ్గా పెట్టావు. ఆరో తరగతిలో దాని కోసం నిన్ను యాభై సార్లు రాయించాను, ఒక్కసారి కోప్పడ్డాను కూడా. ఆ రోజు నువ్వు అన్నం తినకుండా వచ్చావని తర్వాత తెలిసింది. అది ఇన్నాళ్ళూ నా మనసులో ఉంది. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను, నన్ను క్షమించు నాన్నా. నువ్వు రాసిన కాగితం పారేయకు, ఆదివారం వస్తానన్నావుగా, తీసుకురా. నా దగ్గర దాచుకుంటాను.

ఐదో తరగతి తర్వాత తమిళ మీడియానికి మారిపోయిన తల్లీ, నువ్వు తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాశావు. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, నేను పైకి చదువుకుంటే గానీ నీ మాట పూర్తిగా పట్టుబడలేదు. పట్టుబడ్డాక కళ్ళు తడిశాయి. "టీచర్, అక్షరాలు మర్చిపోయాను, తప్పుగా అనుకోకండి" అని కింద రాశావు. తప్పేముందమ్మా? మాట నీ దగ్గరే ఉంది. అక్షరాలు యాభై ఆరు, నెల రోజుల పని.

అదే రోజు సాయంత్రం మా మనవరాలు పంపిన కార్డు కూడా అలాంటిదే. అది బెంగళూరు బళ్ళో కన్నడం నేర్చుకుంటోంది. "అమ్మమ్మా, నీకు పుట్టినరోజు శుభాకాంక్షలు" అని తెలుగు మాటలు కన్నడ అక్షరాల్లో రాసింది. నేను కన్నడం చదువుకోలేదు. అయినా చదివేశాను. తలకట్టు దగ్గరా ఇంకొన్ని చోట్లా తేడా తప్ప రెండూ అక్కచెల్లెళ్ళ ముఖాల్లా ఉంటాయి. ఒకే రోజు ఒకే మాట నాకు తమిళ అక్షరాల్లో, కన్నడ అక్షరాల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో, మన అక్షరాల్లో వచ్చింది. తెలుగు టీచరుకి ఇంతకంటే ఏం కావాలి?

మైలాపూరు సంగతి గుర్తుచేసిన అబ్బాయీ, "టీచర్, 58 రోజులు, ఇప్పటికీ మర్చిపోలేదు" అని ఒక్క వాక్యం రాశావు. మిగతావాళ్ళకి అది అర్థమై ఉండదు. ప్రతి ఏడూ డిసెంబర్ 15న మిమ్మల్ని రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారు కన్నుమూసిన ఇంటికి తీసుకెళ్ళేదాన్ని. 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి 58 రోజులు ఆయన అన్నం ముట్టలేదని అక్కడ నిలబెట్టి చెప్పేదాన్ని. నువ్వు అప్పుడు, "టీచర్, ఆయనకి ఆకలి వేయలేదా?" అని అడిగావు. ఇంట్లో పస్తులుండే పిల్లవాడు అడిగిన ప్రశ్న అది. నేను జవాబు చెప్పలేక నీ తల నిమిరాను. ఈ డిసెంబర్లో మీ అబ్బాయిని తీసుకుని వెళదామని రాశావు. తప్పకుండా వెళదాం. వాడు ఏం అడుగుతాడో వినాలని ఉంది.

2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక మన తెలుగు సెక్షన్ల గురించి ఎంత టెన్షన్ పడ్డామో 2016లో పది రాసిన బ్యాచ్‌కి తెలుసు. కోర్టు మినహాయింపు ఇచ్చేదాకా మీకూ నాకూ నిద్ర లేదు. ఒక మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. తమిళం ఈ ఊరి భాష, మనకి అన్నం పెట్టిన భాష, బాగా నేర్చుకోవాలి. దానికోసం ఇంటి భాషని వదులుకోనక్కర్లేదు. ఆ బ్యాచ్ పిల్లలు పదకొండు మంది రాశారు, అందరూ తెలుగులోనే రాశారు. మీ అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

"హ్యాపీ బర్త్‌డే టీచర్" అని మూడే మాటలు రాసి ఊరుకున్న నాన్నా, నీ గురించి నేను రాయకుండా ఉండలేను. 2015 డిసెంబర్ 1 రాత్రి అడయారు పొంగి జాఫర్‌ఖాన్‌పేటలో మా వీధి మునిగిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు, నడవలేని మా అత్తగారిని పట్టుకుని మేడ మీద గది గుమ్మంలో కూర్చున్నాం. మర్నాడు మధ్యాహ్నం ఛాతీ లోతు నీళ్ళలో నువ్వు వచ్చావు. నెత్తిమీద సంచిలో బ్రెడ్డు, పాలపొడి. మా అత్తగారిని వీపున ఎక్కించుకుని రోడ్డు దాకా మోశావు. మీ ఇల్లు ఎక్కడో ఉత్తరాన, నన్ను వెతుక్కుంటూ ఎలా వచ్చావని అడిగితే, "మీ అడ్రస్ హాజరు పట్టీ అట్ట మీద ఉండేది టీచర్" అన్నావు. మా అత్తగారు ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు, ప్రతి పండక్కీ నిన్ను తలుచుకున్నారు. ఈ మాట నీకు ఇన్నాళ్ళూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఒక్క శుభాకాంక్ష మాత్రం రాలేదు. ప్రతి ఏడూ అందరికంటే ముందు ఫోన్ చేసేది మా లెక్కల టీచరు. 2021లో కరోనా ఆమెను తీసుకెళ్ళింది. ఈసారి వాళ్ళబ్బాయి, "అమ్మ తరఫున" అని రాశాడు. బాబూ, చల్లగా ఉండు. మీ అమ్మా నేనూ ఒకే డబ్బాలో అన్నం పంచుకున్నవాళ్ళం. నీకు ఎప్పుడు ఏం కావాలన్నా ఇక్కడొక ఇల్లు ఉంది.

ముప్పై మంది దాకా నేను గుర్తుపట్టలేకపోయాను. అప్పుడు రెండు జడలతో చూసిన ముఖాలు, ఇప్పుడు కళ్ళజోళ్ళు, పక్కన పిల్లలు. దయచేసి ఏ ఏడు చదివారో, ఎన్నో బెంచీలో కూర్చునేవారో రాయండి. బెంచీ చెబితే నాకు ముఖం గుర్తొస్తుంది. బడిలో నాతో పనిచేసిన టీచర్లకీ, ఆఫీసు వాళ్ళకీ, మా అమ్మాయి స్నేహితులకీ, నన్ను ఎప్పుడూ చూడకపోయినా ఫోటో చూసి ఆశీర్వదించిన పెద్దలకీ నా నమస్కారాలు.

మార్చిలో పుట్టడం వల్ల నా పుట్టినరోజు ఎప్పుడూ రివిజన్ల మధ్యే వచ్చేది. మీరు నల్లబోర్డు మీద రంగు సుద్దముక్కలతో పువ్వులు వేసి ఉంచితే, అవి చెరిపి సంధులు చెప్పాల్సి వచ్చేది. సగం బోర్డులో పువ్వులు ఉంచి మిగతా సగంలోనే పాఠం రాసేదాన్ని. ఈసారి మీరు పెట్టిన పువ్వుల్లో ఒక్కటీ చెరపక్కర్లేదు.

ఈ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఇంట్లోనే ఉంటాను. అక్షరాలు మర్చిపోయినవాళ్ళు రండి. మీ పిల్లలకి నేర్పించాలనుకునేవాళ్ళు పిల్లల్ని తీసుకురండి. ఫోన్లో తెలుగు ఎలా కొట్టాలో కూడా చూపిస్తాను, అది మా అమ్మాయి నాకు నేర్పింది. ఫీజు మాట ఎత్తవద్దు. పలకలు ఆరు ఉన్నాయి, బలపాలు కొత్తవి తెప్పించాను. వచ్చే ముందు ఒక్క మెసేజ్ పెట్టండి, ఎంతమందికి పులిహోర కలపాలో నాకు తెలియాలి.

మీ తెలుగు టీచర్